గైడ్ చేతికి చాప్టర్: ఏం అడగాలి, ఎప్పటికి అడగాలి

పీహెచ్‌డీ థీసిస్‌లో ఒక చాప్టర్ చిత్తుప్రతి పూర్తికాగానే పరిశోధక విద్యార్థి చేసే మొదటి పని దాన్ని గైడ్‌కు పంపడం. పంపుతూ రాసేది చాలావరకు ఒకే మాట: ‘సర్, నాలుగో చాప్టర్ పంపుతున్నాను, దయచేసి చూసి మీ సూచనలు ఇవ్వగలరు.’ ఈ వాక్యంలో మర్యాదకు లోటేమీ లేదు. అయితే ఏ పేజీలు ముఖ్యమో, రాసినవాళ్లకు ఎక్కడ అనుమానం ఉందో, ఎప్పటికి చెప్తే పనికొస్తుందో అందులో లేదు. అవన్నీ గైడే తేల్చుకోవాలి. అలా తేల్చుకోవాల్సిన పని ఎప్పుడూ రేపటికి వాయిదా పడుతుంది. నెల గడిచాక చాప్టర్ తిరిగి వస్తుంది. మొదటి పది పేజీల్లో అక్షరదోషాలు దిద్ది ఉంటాయి, తరవాతి పేజీల్లో అక్కడక్కడ టిక్కులు కనిపిస్తాయి, చివర ‘బాగుంది, ఇంకా విశ్లేషణ పెంచాలి’ అని ఉంటుంది. అసలు సందేహం ఉన్న ఇరవయ్యో పేజీ మీద ఒక్క గీతా ఉండదు.

గైడ్ శ్రద్ధ లేని మనిషి కాబట్టే ఇలా జరిగిందనుకోవడం తొందరపాటు. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది వరకు, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు పరిశోధకులు ఉండొచ్చు. వాళ్లతో పాటు పీజీ క్లాసులు, జవాబు పత్రాలు దిద్దడం, న్యాక్ ఫైళ్లు, వైవాలు ఉంటాయి. నలభై ఆరు పేజీల చాప్టర్‌ను పట్టికలతో సహా జాగ్రత్తగా చదవాలంటే కదలకుండా ఒక పూట కూర్చోవాలి. ఆ పూట దొరికిన రోజున చూపు ఎక్కడ నిలపాలో ముందే తెలిస్తే ఆ సమయం అసలు చిక్కు మీదే ఖర్చవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేలిగ్గా పట్టుబడుతుంది. అర్థశాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థిని మహబూబ్‌నగర్ ప్రాంతంలోని చెరువుల మీద థీసిస్ రాస్తోందనుకుందాం. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువుల దగ్గర భూగర్భ జలాలు ఎంత పెరిగాయి, రైతుకు ఏం ఒరిగింది అన్నది ఆమె ప్రశ్న. నాలుగో చాప్టర్‌లో పూడిక తీసిన ఊళ్లను, తీయని ఊళ్లను పక్కపక్కన పెట్టి చూసింది. భూగర్భ జల శాఖ పీజోమీటర్ రీడింగులు, మండలాల వారీగా వర్షపాతం లెక్కలు, ఊళ్లలో రైతుల దగ్గర తాను నింపిన ప్రశ్నావళులు ఆమె దగ్గరున్న సమాచారం.

పంపే ముందు ఆమె తేల్చుకోవాల్సినది ఒకటుంది: ఇది ఏ దశలో ఉన్న చిత్తు? వాదన ఇంకా కుదరకపోతే నలభై పేజీలు పంపడం ఇద్దరికీ నష్టమే. గైడ్ వాక్యాలు దిద్దుతూ పోతారు, తరవాత ఆ వాక్యాలున్న భాగమే ఎగిరిపోతుంది. అలాంటప్పుడు చాప్టర్ ఏం చెప్పబోతోందో రెండు పేజీల్లో రాసి, దానికి ఆధారమైన ఒకటి రెండు పట్టికలు జతచేసి ‘ఈ దారిలో రాయనా?’ అని అడిగితే చాలు. దీనికి ఎదురు తప్పు మరొకటి ఉంది. ఫుట్‌నోట్లు, ఉపశీర్షికలు, బౌండు కాపీకి సరిపోయే మార్జిన్లు, అన్నీ తీర్చిదిద్దేదాకా ఆరు నెలలు ఎవరికీ చూపించకపోవడం. అంత మెరుగు పెట్టాక పోల్చిన ఊళ్ల ఎంపికే తప్పని తేలితే, మార్చడానికి రాసినవాళ్లకు మనసొప్పదు. చెప్పడానికి చదివినవాళ్లకూ నోరు రాదు. వాదన మొదటి నుంచి చివరిదాకా నడుస్తూ, వాక్యాలు ఇంకా మొరటుగా ఉన్న దశే చూపించడానికి సరైనది. ఖాళీలు ఉండొచ్చు, కానీ అవి ఖాళీలని కనిపించాలి. ‘ఇక్కడ 2011 జనాభా లెక్కల పట్టిక వస్తుంది’ అని కుండలీకరణాల్లో రాసిపెడితే గైడ్ అక్కడ ఆగి వెతుక్కోరు.

ఇక ప్రశ్నలు. అడగడంలో కష్టమైన భాగం, ఫలితమిచ్చే భాగం కూడా ఇదే. ‘విశ్లేషణ సరిగ్గా ఉందా?’ అన్నది చూడడానికి ప్రశ్నలా ఉంటుంది గానీ దానికి జవాబు చెప్పాలంటే మొత్తం చాప్టర్‌కు మార్కులు వేయాలి. ఆ విద్యార్థిని మనసులో నిజంగా తొలుస్తున్నది అది కాదు. ఆమె పోల్చింది 2014ను, 2020ను. తెలంగాణలో 2014, 2015 వానలు ముఖం చాటేసిన ఏళ్లు. 2020లో వానలు మామూలు కంటే బాగా ఎక్కువ. 2020లో బోర్లలో నీళ్లు పైకొచ్చాయంటే అది పూడిక తీసినందుకా, వాన దంచికొట్టినందుకా? ఆమెకు నిద్ర పట్టనివ్వనిది ఈ సందేహం. అడగాల్సిందీ ఇదే.

అడిగే ముందు తను ఏమనుకుంటోందో కూడా చెప్పాలి. ఒకే మండలంలో పూడిక తీసిన ఊరినీ తీయని ఊరినీ జంటగా తీసుకుంది కాబట్టి రెండింటి మీదా వాన దాదాపు ఒకేలా పడి ఉంటుంది, అందుకని రెండు ఊళ్లలో వచ్చిన మార్పుల మధ్య తేడా చూస్తే వాన ప్రభావం చాలావరకు పక్కకు పోతుంది అన్నది ఆమె ఆలోచన. ఇప్పుడు ప్రశ్న ఇలా తయారవుతుంది: ‘14 నుంచి 19 పేజీల్లో 2014ను 2020తో పోల్చాను. వాన తేడాను జంట ఊళ్ల పద్ధతి సరిపడా తొలగిస్తుందని నా అభిప్రాయం. ఇది చాలా, లేక వర్షపాతాన్ని విడిగా లెక్కలోకి తీసుకోవాలా?’ దీనికి గైడ్ ఆరు పేజీలు చదివి, రెండు వాక్యాల్లో జవాబివ్వగలరు. ‘చాలదు, జంట ఊళ్లలో కూడా చెరువు పైభాగంలో పడిన వాన వేరుగా ఉండొచ్చు’ అన్నారంటే, ఆ ఒక్క మాట నెల పని మారుస్తుంది.

రెండో సందేహం ఇంకా లోతైనది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. మోటారు ఎక్కువ గంటలు నడిస్తే నీటిమట్టం కిందికి పోతుంది. చెరువు నిండి నీళ్లు ఇంకుతున్నా, అదే సమయంలో తోడడం పెరిగితే పూడికతీత వల్ల కలిగిన మేలు లెక్కల్లో తక్కువగా కనిపించొచ్చు. ఆమె ప్రశ్నావళిలో ఎన్ని బోర్లున్నాయో అడిగింది, రోజుకు ఎన్ని గంటలు నడుపుతున్నారో అడగలేదు. దీన్ని పరిమితిగా ఒప్పుకుని ఒక పేరా రాసి ముందుకు పోవచ్చు. లేదా మళ్లీ ఊళ్లకు వెళ్లి అడగొచ్చు. మళ్లీ వెళ్తే కనీసం నెల. ఇలాంటి నిర్ణయానికి అనుభవం ఉన్న చూపు కావాలి. ఏ లోపాన్ని పరీక్షకులు పరిమితిగా ఒప్పుకుంటారో, ఏ లోపానికి థీసిస్‌ను వెనక్కి పంపుతారో ఎన్నో థీసిస్‌లు దిద్దిన మనిషికి తెలుస్తుంది. అడిగేటప్పుడు రెండు దారులూ, ఒక్కోదానికి పట్టే సమయమూ పక్కపక్కన చెప్తే గైడ్ దేన్ని ఎంచుకోవాలో వెంటనే చెప్పగలరు.

మూడోది అమరికకు సంబంధించింది. చెరువు నుంచి తీసిన పూడిక మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు, ఎరువుల ఖర్చు కొంత తగ్గిందని చెప్పారు. ఆ భాగం 31 నుంచి 38 పేజీల్లో ఉంది. అది నీటి గురించిన ఈ చాప్టర్‌లోనే ఉండాలా, రైతు ఆదాయం మీద రాయబోయే ఐదో చాప్టర్‌కు పోవాలా? ఇది చిన్న ప్రశ్నే. గైడ్‌కు అరగంట మాత్రమే దొరికినా దీనికి జవాబు చెప్పగలరు.

ఇలా మూడు ప్రశ్నలు చాలు, నాలుగైతే ఎక్కువకు ఎక్కువ. పది ప్రశ్నలు పంపితే చదివేవాళ్లు తేలికైనవి ఎంచుకుని జవాబిస్తారు, కఠినమైనవి అలాగే మిగిలిపోతాయి. ప్రశ్న పదునుగా ఉందో లేదో పంపకముందే తెలుసుకునే మార్గం ఉంది. గైడ్ ‘అవును’ అంటే రేపు ఏం చేస్తాను, ‘కాదు’ అంటే ఏం చేస్తాను అని విద్యార్థి తనను తాను అడగాలి. రెండు సందర్భాల్లోనూ చేసే పని ఒకటే అయితే అది ప్రశ్న కాదు, మెచ్చుకోలు కోసం ఎదురుచూపు. పేజీ నంబర్లు రాయలేకపోతే సందేహం ఎక్కడుందో తనకే ఇంకా తెలియలేదని అర్థం. అప్పుడు పంపడం రెండు రోజులు ఆపుకోవడం మేలు.

ఏం చూడనక్కర్లేదో చెప్పడమూ అంతే అవసరం. ‘భాష, రెఫరెన్సుల వరస తరవాతి ప్రతిలో సరిచేస్తాను, ఇప్పుడు వాటి మీద మీ సమయం పెట్టొద్దు’ అని ఒక్క వాక్యం రాస్తే, అక్షరదోషం కనిపిస్తే దిద్దకుండా ఉండలేని గైడ్ కూడా కొంత ఆగుతారు. అయితే ఈ మాట రాసే హక్కు కనీస శుభ్రత ఉన్న ప్రతికే ఉంటుంది. పట్టికలో నిలువు వరసల మొత్తాలు కలవకపోతే, ఒకే ఊరి పేరు మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటే, చదివేవారికి అంకెలన్నింటి మీదా నమ్మకం పోతుంది.

గడువు అడగడం దగ్గర తెలుగు విద్యార్థులకు జంకు ఎక్కువ. పెద్దవాళ్లకు తేదీ పెట్టడమేమిటన్న సంకోచం సహజమే. అందుకే ‘వీలైనంత త్వరగా’, ‘మీకు తీరిక దొరికినప్పుడు’ అని రాస్తారు. ఈ మాటలు విన్న గైడ్‌కు అది ఈ వారం పనో, ఈ సెమిస్టర్ పనో తెలియదు. తేదీ వెనక కారణం చెప్తే సంకోచానికి చోటుండదు. ఎందుకంటే ఆ తేదీ విద్యార్థి సొంతంగా పెట్టింది కాదు, ముందున్న పని పెట్టింది. యూజీసీ నిబంధనల ప్రకారం పరిశోధకులు ప్రతి సెమిస్టర్‌లో పరిశోధన సలహా కమిటీ ముందు తమ పని వివరించి, చిన్న నివేదిక ఇవ్వాలి. ఆర్‌ఏసీ అని అందరూ పిలిచేది ఈ కమిటీనే. పీహెచ్‌డీకి కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠ కాలం ఆరేళ్లు. ఆ తరవాత పొడిగింపు కావాలంటే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. గడువు ఇలాంటి నిజమైన తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి.

మన ఉదాహరణలో ఆర్‌ఏసీ సమావేశం నవంబర్ 25న. సభ్యులకు నివేదిక వారం ముందు, అంటే 18న అందాలి. గైడ్ చెప్పిన మార్పులు చేయడానికి ఆమెకు పదకొండు రోజులు కావాలి. అంటే అభిప్రాయం నవంబర్ 7కు చేతికి రావాలి. చదివేవారికి మూడు వారాలు ఇవ్వాలంటే అక్టోబర్ 17న పంపాలి. మూడు వారాల మధ్యలో దీపావళి సెలవులు, సెమిస్టర్ పరీక్షల మూల్యాంకనం పడితే ఇంకో వారం ముందే పంపాలి. అక్టోబర్ 31కి గానీ చిత్తు పూర్తికాదని తెలిస్తే, మిగతా వారంలో నలభై ఆరు పేజీలు చదవమనడం కంటే, ఆ ఆరు పేజీలు మాత్రం ముందే పంపడం తెలివైన పని. లేని గడువును ఉన్నట్టు చెప్పడం మాత్రం పొరపాటున కూడా చేయకూడదు. ఆర్‌ఏసీకి పిలిచేది కమిటీ కన్వీనర్. ఆ కన్వీనర్ గైడే. తేదీలు ఆయనకు ముందే తెలుసు.

ఎలా చదువుతారో కూడా తెలుసుకుని పంపాలి. తెర మీద కామెంట్లు పెట్టే గైడ్‌కు వర్డ్ ఫైలు కావాలి. కాగితం మీద పెన్సిల్‌తో రాసే గైడ్‌కు పీడీఎఫ్ పంపితే అది ప్రింటు కాకుండానే పడి ఉంటుంది. అలాంటివారికి డబుల్ స్పేసింగ్‌లో ప్రింటు తీసి, ఒకవైపు వెడల్పు మార్జిన్ వదిలి, డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చి రావాలి. ఏ రూపంలో ఇచ్చినా ప్రశ్నల్లో చెప్పిన పేజీ నంబర్లు ఆ ప్రతిలో ఉన్నవాటితో కలవాలి. ఫైలు పేరు చూడగానే ఏ చాప్టర్, ఎన్నో ప్రతి, ఏ తేదీ అన్నది తెలియాలి. `Ch4_draft2_17Oct.docx` చాలు. `final_new_latest.docx` అని పంపితే రెండు నెలల తరవాత ఏది ఏదో పంపినవాళ్లకే అంతుపట్టదు. చాప్టర్‌ను వాట్సాప్‌లో పంపితే అది పెళ్లి ఫోటోల కింద ఎక్కడో మునిగిపోతుంది. మెయిల్‌లో పంపి, ‘పంపాను సర్’ అన్న కబురు మాత్రం వాట్సాప్‌లో పెట్టొచ్చు.

ఇవన్నీ కలిపితే ఉత్తరం ఇంతే అవుతుంది:

‘సర్, నమస్కారం. నాలుగో చాప్టర్ రెండో ప్రతి (46 పేజీలు) జతచేశాను. పూడిక తీసిన చెరువుల కింద నీటిమట్టం పెరిగిందని, అయితే ఆ మేలు ఆయకట్టు చివరి పొలాలకు అంతగా చేరలేదని ఈ చాప్టర్ వాదిస్తుంది. మొదటి ప్రతి మీద మీరు చెప్పినట్టు ఊళ్ల ఎంపిక ఎలా జరిగిందో 8, 9 పేజీల్లో వివరించాను.

మూడు చోట్ల మీ సలహా కావాలి. ఒకటి, 14–19 పేజీలు: 2014కూ 2020కీ వానలో ఉన్న తేడాను జంట ఊళ్ల పద్ధతి తొలగిస్తుందని నా అభిప్రాయం. ఇది చాలా, వర్షపాతాన్ని విడిగా లెక్కించాలా? రెండు, 24వ పేజీ: 2018 తరవాత మోటార్లు నడిచిన గంటలు నా దగ్గర లేవు. పరిమితిగా రాయనా, మళ్లీ ఊళ్లకు వెళ్లి అడగనా? వెళ్తే నెల పడుతుంది. మూడు, 31–38 పేజీలు: పూడిక మట్టి భాగం ఇక్కడే ఉంచనా, ఐదో చాప్టర్‌కు మార్చనా?

భాష, రెఫరెన్సులు తరవాతి ప్రతిలో సరిచేస్తాను. ఆర్‌ఏసీ నివేదిక నవంబర్ 18కి ఇవ్వాలి కాబట్టి మీ అభిప్రాయం నవంబర్ 7 నాటికి అందితే మార్పులు చేసుకోగలను. ఆ తేదీ మీకు కుదురుతుందా సర్? మొత్తం చదవడానికి వీలు కాకపోతే మొదటి ప్రశ్న, ఆ ఆరు పేజీలు చూసినా చాలు. మీరు రమ్మంటే వచ్చి కలుస్తాను.’

ఇందులో చివరి మూడు వాక్యాల పని పెద్దది. తేదీ చెప్పాక కుదురుతుందా అని అడగడంతో ఆదేశం కాస్తా ఏర్పాటుగా మారుతుంది. ఒకసారి ‘కుదురుతుంది’ అని గైడ్ రాశాక ఆ తేదీ ఇద్దరిదీ. మొత్తం కుదరకపోతే ఆరు పేజీలు చాలనడంతో, సమయం లేని గైడ్‌కు వాయిదా వేయడం తప్ప వేరే దారి కూడా ఉంటుంది.

గడువుకు మూడు నాలుగు రోజుల ముందు ఒకసారి గుర్తుచేయడం తప్పు కాదు. అది కొత్త మెయిల్‌గా కాకుండా పాత మెయిల్‌కే జవాబుగా వెళ్తే ఫైలూ ప్రశ్నలూ అక్కడే దొరుకుతాయి. గడువు దాటినా చదవలేదంటే చాప్టర్ గురించి మళ్లీ అడగడం కంటే ఇరవై నిమిషాల సమయం అడగడం మంచిది. మొదటి ప్రశ్న, దాని పట్టిక ఒక కాగితం మీద ప్రింటు తీసుకువెళ్తే, చదవని గైడ్ కూడా అది చూసి అక్కడికక్కడే చర్చిస్తారు. చర్చించిన రోజు సాయంత్రమే ‘మీరు చెప్పినట్టు వర్షపాతాన్ని విడిగా లెక్కిస్తాను, మోటార్ల గంటలను పరిమితిగా రాస్తాను’ అని మెయిల్ పెట్టాలి. నోటిమాటగా చెప్పింది నెల రోజుల్లో ఇద్దరి జ్ఞాపకంలో రెండు రకాలుగా మారుతుంది. సంవత్సరం తరవాత ‘ఆ డేటా ఎందుకు సేకరించలేదు?’ అని అదే గైడ్ అడిగితే చూపించడానికి ఆ మెయిల్ ఉంటుంది.

వచ్చిన జవాబును చదవడంలోనూ కొంత జాగ్రత్త కావాలి. ‘బాగానే ఉంది, ప్రొసీడ్’ అని ఒక్క ముక్కలో వస్తే, మూడు ప్రశ్నల్లో దేనికీ సూటిగా జవాబు లేకపోతే, చాప్టర్ పూర్తిగా చదవలేదని అనుకోవడానికి ఆస్కారం ఉంది. నిష్ఠూరం వద్దు. ‘ధన్యవాదాలు సర్, వర్షపాతం విషయంలో జంట ఊళ్ల పద్ధతితోనే ముందుకు వెళ్తున్నాను, అభ్యంతరం ఉంటే చెప్పగలరు’ అని ఒక్క ప్రశ్ననే మళ్లీ ముందుకు తేవాలి. దాని మీద గైడ్ కళ్లు తప్పక ఆగుతాయి. అడగని దాని మీద గట్టి విమర్శ వస్తే ఇంకో సంగతి. చాప్టర్ వాదనే నిలవడం లేదని గైడ్ అంటే, అడిగిన మూడు ప్రశ్నలు పక్కనపెట్టి ముందు దాని సంగతి చూడాలి. విద్యార్థి తన ప్రశ్నలతో చూపును నడిపించడం వల్ల వచ్చే ప్రమాదం ఇదే: తనకు కనిపించని లోపం గురించి ఆమె అడగలేదు. అందుకే ప్రతి చాప్టర్‌కూ ఏదో ఒక దశలో ప్రశ్నలేవీ లేకుండా, గైడ్ తనంతట తాను మొత్తం చదివే ఒక విడత ఉండాలి. రెండో ప్రతికి కాదు గానీ, ప్రీ-సబ్మిషన్ సెమినార్‌కు ముందు వచ్చే ప్రతికి అది తప్పనిసరి.

నెలల తరబడి, ఎన్నిసార్లు అడిగినా, ఏ రూపంలో అడిగినా జవాబు రాని పరిస్థితీ ఉంటుంది. అప్పుడు ఉత్తరం ఎంత బాగా రాసినా లాభం లేదు. పని తీరును ఎప్పటికప్పుడు సమీక్షించి ముందుకు సాగడానికి తోడ్పడడం ఆర్‌ఏసీ విధుల్లో ఒకటి. కమిటీకి ఇచ్చే సెమిస్టర్ నివేదికలో ‘నాలుగో చాప్టర్ రెండో ప్రతి అక్టోబర్ 17న సమర్పించాను, అభిప్రాయం రావాల్సి ఉంది’ అని ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు, ఫిర్యాదు భాష అక్కర్లేదు. కమిటీకి కన్వీనర్ గైడే కాబట్టి ఈ వాక్యం ముందు ఆయన కంటే పడుతుంది. చాలాసార్లు చాప్టర్ సమావేశానికి ముందే తిరిగి రావడానికి అది సరిపోతుంది. రాకపోతే మిగతా సభ్యులు అడుగుతారు, అప్పుడు తేదీలతో ఉన్న మెయిళ్లు విద్యార్థి దగ్గర ఉండాలి.

అభిప్రాయం వచ్చాక మార్పులు చేసిన మూడో ప్రతితో పాటు ఒక పేజీ జతచేయాలి. గైడ్ రాసిన ప్రతి వ్యాఖ్యకు ఎదురుగా ఏం చేసిందీ, ఏ పేజీలో చేసిందీ అందులో ఉంటుంది. ఏదైనా సూచన పాటించకపోతే ఎందుకు పాటించలేదో రెండు వాక్యాల్లో ఉంటుంది. పూడిక మట్టి భాగాన్ని ఐదో చాప్టర్‌కు మార్చమని గైడ్ చెప్పినా, ఆ మట్టి తీసిన లోతే నీటి నిల్వకు లెక్క కాబట్టి ఒక పట్టిక నాలుగో చాప్టర్‌లోనే ఉంచానని ఆమె రాయొచ్చు. ఆ పేజీ చేతిలో ఉన్న గైడ్ మూడో ప్రతిలో మారిన పన్నెండు పేజీలు మాత్రం చదివి, గంటలో తేల్చేస్తారు.